క్వాలిటీ కంట్రోల్ ట్రైనీ ఉద్యోగానికి దరఖాస్తు

వాగెనింగెన్, నెదర్లాండ్స్
2025 ఆగస్టు 11

క్వాలిటీ మేనేజర్ గారికి,
మిర్చి ఎగుమతి విభాగం, గుంటూరు

నమస్కారం అండీ.

యార్డులో రైతులతో, హమాలీలతో రోజూ మాట్లాడాల్సిన పని కాబట్టి లేఖ తెలుగులోనే రాయమని మీ ప్రకటనలో అడిగారు. ఆ మాట చూసే దరఖాస్తు చేయాలని నిర్ణయించుకున్నాను. మాది ఫిరంగిపురం దగ్గర పల్లెటూరు. నాన్న మూడెకరాల్లో మిర్చి వేస్తారు. బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ బీటెక్ చదివాక వాగెనింగెన్ యూనివర్సిటీలో ఫుడ్ సేఫ్టీ ఎమ్మెస్సీ చేశాను. ఈ నెలాఖరుకు పట్టా చేతికొస్తుంది.

ఈ లేఖ మొదటిసారి రాసినప్పుడు నేను ప్యాషనేట్ అనీ, మోటివేటెడ్ అనీ రాశాను. మళ్లీ చదివితే, నన్ను చూడనివాళ్లు ఆ మాటలు ఎందుకు నమ్మాలో నాకే అర్థం కాలేదు. రెండూ తీసేశాను. వాటి బదులు రాయగలిగిన మాటలు రెండున్నాయి: లెక్క తేలేదాకా వదలను, తప్పు చేస్తే దాచను. ఈ రెండింటికీ నా దగ్గర రుజువుంది.

నా థీసిస్ ఎండుమిర్చిలో బూజు వల్ల చేరే అఫ్లాటాక్సిన్ విషం మీద. యూరప్‌లో ఎండుమిర్చికి బి1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదన్న సంగతి మీకు తెలిసిందే. ల్యాబ్‌లో సారాన్ని ఒక చిన్న కాలమ్ గుండా సెకనుకు ఒక చుక్క చొప్పున దించాలి. మార్చిలో ఒకరోజు త్వరగా ముగించాలన్న తొందరలో సిరంజి గట్టిగా నొక్కి, ఇరవై నాలుగు శాంపిళ్లనూ వేగంగా దించేశాను. ఫలితాలన్నీ చాలా తక్కువగా, చూడ్డానికి బాగా వచ్చాయి. అనుమానమొచ్చి, నేనే కొలిచి విషం కలిపిన చెక్ శాంపిల్ చూస్తే, అందులో 58 శాతమే బయటపడింది. కనీసం 70 రావాలి. ఆ సాయంత్రమే మా గైడ్‌కు చెప్పాను. ఇరవై నాలుగూ మొదటినుంచి మళ్లీ చేశాను. తొమ్మిది రోజులు పట్టింది. రెండోసారి వాటిలో మూడు పరిమితి దాటాయి. మొదటి అంకెలే పంపి ఉంటే ఆ మూడూ మంచి సరుకు కింద లెక్కపడేవి.

ఆ పనిలో నేను నేర్చుకున్న అసలు సంగతి శాంపిల్ తీయడం గురించి. బూజు అన్ని కాయలకూ సమానంగా పట్టదు. పది టిక్కీలు శుభ్రంగా ఉండి, పదకొండోదాని అడుగున చెమ్మ తగిలిన గుప్పెడు కాయలుంటే లాట్ మొత్తం పోర్టులో ఆగిపోవచ్చు. ఒకే లాట్‌లోంచి రెండుసార్లు తీసిన శాంపిళ్లలో నాకు ఒకసారి 3, ఒకసారి 14 వచ్చింది. అందుకే ఒక్క టిక్కీ పైనుంచి తీసిన గుప్పెడు కాయలతో తేల్చకూడదని, వేర్వేరు టిక్కీల్లో వేర్వేరు లోతుల నుంచి తీసి కలపాలని గట్టిగా నమ్ముతాను. మీ దగ్గర చేరితే నేను మొదట చూడాలనుకునేది కూడా అదే.

చెమ్మ సంగతి నాకు పుస్తకం కంటే ముందు కల్లంలో తెలిసింది. కాయను చెవి దగ్గర ఊపి గింజ గలగలమంటేనే నాన్న రాశి ఎత్తనిచ్చేవారు. మబ్బు పట్టిందంటే అర్ధరాత్రైనా లేచి అందరం పట్టాలు కప్పేవాళ్లం. ఒక ఏడాది అకాల వర్షానికి పట్టా కింద నీరు చేరి, సగం రాశి తాలుకాయల ధరకు పోయింది. రైతుకు 'మీ సరుకులో తేమ ఎక్కువ' అని చెప్పాల్సి వచ్చినప్పుడు, ఆ మాట ఆయన ఇంట్లో ఏం చేస్తుందో నాకు తెలుసు. తేమ మీటరులో వచ్చిన అంకె ఆయనకే చూపించి, ఏ టిక్కీలో ఎంతుందో విడివిడిగా చెబుతాను.

నాకు రానివి కూడా చెప్పాలి. కోల్డ్ స్టోరేజ్‌లో పనిచేసిన అనుభవం లేదు. తేజ, 334 రకాలను చూడగానే గుర్తుపడతాను గానీ, మిగతా రకాల్లో ఇంకా తడబడతాను. ఎగుమతి కాగితాల పని తరగతిలో చదివిందే. ఇవన్నీ సీజన్ మొదలయ్యే ఫిబ్రవరిలోపు మీ సీనియర్ల దగ్గర నేర్చుకోవాలి, అందుకే అక్టోబర్ మొదటి వారంలోనే చేరగలను.

జీతం మీ ప్రకటనలో ఉన్నదే సమ్మతం. థీసిస్, మార్కుల జాబితా, చెడిపోయిన మొదటి ఫలితాలతో సహా నా ల్యాబ్ నోట్‌బుక్ స్కాన్ కాపీ జతచేశాను. ఇంటర్వ్యూ వీడియోలో అయితే మన ఉదయం 11:30 నాకు ఇక్కడ 8 గంటలు, ఏ రోజైనా వీలవుతుంది. సెప్టెంబర్ 20 తర్వాత గుంటూరులోనే ఉంటాను, నేరుగా వచ్చి కలుస్తాను.

ఇట్లు,
స్రవంతి