తలుపు కింద వెలుగు

మూకీ షార్ట్ ఫిల్మ్ స్క్రిప్ట్, దాదాపు 6 నిమిషాలు

పాత్రలు: తండ్రి (68), కూతురు (27).
వస్తువులు: వసారా బల్బు, స్టూలు, ఉప్పు డబ్బా, మూత పెట్టిన కంచం, కూతురి చెప్పులు, ఫోన్.

యూనిట్‌కి ఒక మాట: డైలాగ్ లేదు. తెర మీద చదవాల్సిన ఉత్తరం, మెసేజ్ లాంటివి కూడా వద్దు, అవి దొంగచాటు డైలాగులే. ఇంటి చప్పుళ్లు ఉండొచ్చు కానీ సౌండ్ పూర్తిగా ఆపి చూసినా కథ అర్థం కావాలి.

ఇంటి అమరిక: తండ్రి గది తలుపు నేరుగా వసారాలోకే తెరుచుకుంటుంది. వసారా స్విచ్ గోడ మీద, ఆ తలుపు పక్కనే. కథంతా దీని మీదే నిలబడింది కాబట్టి లొకేషన్ చూసేటప్పుడు ఇక్కడ రాజీ పడొద్దు.

సీన్ 1. భోజనాల గది, ఉదయం

బల్లకు చెరో చివర తండ్రి, కూతురు. తండ్రి ఒక ముద్ద తింటాడు. ఉప్పు తక్కువైంది. డబ్బా కూతురి మోచేతి దగ్గరుంది. ఆమె వైపు చూస్తాడు. ఆమె కళ్లు కంచంలోనే. తండ్రి లేచి, బల్ల చుట్టూ నడిచి, డబ్బా తెచ్చుకుని కూర్చుంటాడు. కూతురు నమలడం ఆపుతుంది. మళ్లీ నములుతుంది.

(గొడవ ఎందుకో సినిమాలో ఎక్కడా రాదు. అది చెప్పాలంటే మాటలు కావాలి.)

సీన్ 2. వసారా / తండ్రి గది, రాత్రి

తండ్రి బల్ల మీద కంచానికి మూత పెడతాడు. వసారా లైటు వేసి, తన గదిలోకి వెళ్లి పడుకుంటాడు. గది చీకటి. తలుపు కింది సందులో సన్నటి వెలుగు గీత. తండ్రి పక్కకు తిరిగి దాన్నే చూస్తుంటాడు.

వెలుగులో రెండు పాదాల నీడ. గీత ఆరిపోతుంది. అప్పుడు కళ్లు మూసుకుంటాడు.

లోపల కూతురు కంచం మూత తీయకుండానే ఫ్రిజ్‌లో పెడుతుంది.

సీన్ 3. మరో రెండు రాత్రులు

ఒక్కో రాత్రికి మూడే షాట్లు: స్విచ్ మీద తండ్రి వేలు, వెలుగు గీత, మూసుకునే కళ్లు. రెండో రాత్రి గీత ఆరేసరికి ఆలస్యమైంది. తండ్రి దిండు నలిగి ఉంది, అంతే. నటుడు ఆందోళన నటించకూడదు. ఒకే ముఖం పక్కన వేరే షాట్లు పెడితే ప్రేక్షకుడే భావం నింపుకుంటాడని సోవియట్ దర్శకుడు కులేషోవ్ ఎప్పుడో చూపించాడు.

సీన్ 4. తండ్రి గది / వసారా, నాలుగో రాత్రి

వెలుగు గీత ఠక్కున ఆరిపోతుంది. తండ్రి కళ్లు మూసుకుంటాడు. మరుక్షణమే తెరుస్తాడు. పాదాల నీడ రాలేదు!

లేచి తలుపు తీస్తాడు. వసారా చీకటి. చెప్పులు విడిచే చోటు ఖాళీ. స్విచ్ వేసి, తీసి చూస్తాడు. పైకి చూస్తాడు. బల్బు మాడిపోయింది.

స్విచ్ ఆపి, లోపలి నుంచి కొత్త బల్బు, స్టూలు తెస్తాడు. ఒక కాలు స్టూలు మీద పెట్టి, మోకాలు పట్టుకుని ఆగుతాడు. రోడ్డు వైపు చూస్తాడు. ఎక్కుతాడు. పాత బల్బు తీసి జేబులో వేసుకుంటాడు.

నేల మీద క్లోజప్: స్టూలు కాలు జారుతుంది. కట్. (పడటం చూపించొద్దు.)

సీన్ 5. గేటు / వసారా, కొద్దిసేపటికి

కూతురు గేటు దగ్గర ఆగిపోతుంది. ఇంటి ముందు చీకటి. ఇన్ని రోజుల్లో మొదటిసారి. పెదవి బిగుసుకుంటుంది. వెనక్కి రెండడుగులు వేస్తుంది. ఆగి, ఫోన్ టార్చ్ వేసుకుని లోపలికి వస్తుంది.

టార్చ్ వెలుగు వరసగా: పడి ఉన్న స్టూలు, చాచిన కాలు, ఛాతీకి హత్తుకున్న పగలని బల్బు. చివరికి తండ్రి ముఖం. తప్పు చేసి దొరికిన పిల్లాడిలా చూస్తాడు. బల్బు ఆమెకు చాపుతాడు.

ఆమె బల్బు తీసుకోదు, మణికట్టు పట్టుకుంటుంది. లేపి కూర్చోబెట్టి, మోకాలు తడిమి చూస్తుంది. తర్వాత స్టూలు నిలబెట్టి తనే ఎక్కుతుంది. కిందకు చేయి చాపుతుంది. తండ్రి ఒక చేత్తో బల్బు అందిస్తాడు, రెండో చేయి స్టూలు వదలదు. ఆమె బిగించి, చేయి వెనక్కి తీసుకుని తలూపుతుంది. తండ్రి స్విచ్ వేస్తాడు.

వెలుగు. ఇద్దరి కళ్లూ తడిగా ఉన్నాయి. ఇద్దరూ చెరో వైపు తిరుగుతారు.

సీన్ 6. తండ్రి గది, అదే రాత్రి

కూతురు తండ్రిని పడుకోబెట్టి, తలుపు మూసి, మంచం అంచున కూర్చుని మోకాలికి మందు రాస్తుంది. చేయి ఆగుతుంది. ఆమె చూపు వెంట కెమెరా: తలుపు కింద వెలుగు గీత. తండ్రి దిండు వైపు చూస్తుంది. మళ్లీ గీత వైపు. ఈ షాట్ తొందరపడి కోయొద్దు, సినిమా మొత్తం ఇదే.

ఆమె బయటికి వెళ్లి తలుపు వేస్తుంది. సందులో పాదాల నీడ. గీత ఆరిపోతుంది. తండ్రి కళ్లు మూసుకోబోతాడు.

గీత మళ్లీ వెలుగుతుంది. ఆరుతుంది.

చీకట్లో తండ్రి నవ్వు, సగమే కనిపిస్తుంది.

కట్.