హారిక పెళ్ళి: బాబాయ్ వాట్సాప్ మెసేజీలు

మార్చి 5, గురువారం రాత్రి 8:30 (గ్రూపులో)
అందరికీ నమస్కారం. మా అన్నయ్య కూతురు హారిక పెళ్ళి మే 8 శుక్రవారం రాత్రి, భీమవరంలో. ఇది పిలుపు కాదు, టికెట్ల కోసం ముందుమాట. అన్నయ్య, వదిన శుభలేఖ తీసుకుని బొట్టు పెట్టి పిలవడానికి వస్తారు. హైదరాబాద్ వాళ్ళు మే 7 రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే హాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందు, అంటే మార్చి 8 ఉదయం 8 గంటలకు తెరుస్తారు. వేసవి సెలవులు, ఆలస్యం చేస్తే వెయిటింగ్ లిస్టే.

ఏప్రిల్ 18, శనివారం సాయంత్రం 6:00 (గ్రూపులో)
రూములు మాట్లాడుతున్నాం. ఎంతమంది వస్తున్నారు, రైలా కారా, మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళు ఉన్నారా, ఈ మూడూ నాకు విడిగా పంపండి. గ్రూపులో పెడితే గుడ్ మార్నింగ్ పువ్వుల కింద పడిపోతాయి. 25వ తేదీలోగా చెబితే చాలు.

మే 1, శుక్రవారం ఉదయం 11:00 (జవాబు ఇవ్వని వాళ్ళకే, విడివిడిగా)
అత్తయ్యా, బాగున్నారా? మావయ్యగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మీకు కింది అంతస్తులోనే రూము ఉంచాను. మీతో ఎవరెవరు వస్తున్నారో ఒక్క మాట చెప్పండి. టైపు చేయడం కష్టమైతే వాయిస్ పెట్టండి.

మే 6, బుధవారం రాత్రి 7:30 (గ్రూపులో)
ముహూర్తం గురించి చాలామంది ఫోన్లు చేస్తున్నారు. శుభలేఖలో "శుక్రవారం రాత్రి 2:36" అని ఉంది. పంచాంగం ప్రకారం సూర్యోదయం దాకా శుక్రవారమే. మన ఫోన్లలో మాత్రం అది మే 9, శనివారం తెల్లవారుజాము. కాబట్టి శుక్రవారం రాత్రి భోజనాల వేళకే మండపంలో ఉండాలి. శనివారం రాత్రికి వస్తే షామియానా విప్పేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు! తిరుగు టికెట్ శనివారం రాత్రికి ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.

మే 7, గురువారం సాయంత్రం 5:00 (రైల్లో వచ్చేవాళ్ళకు)
భీమవరం టౌన్‌లో దిగండి, జంక్షన్‌లో కాదు. స్టేషన్ బయట మా బావమరిది కారుతో ఉంటాడు. ఆకివీడు దాటగానే నాకు ఒక మెసేజ్ పెట్టండి. ఎండలు మండిపోతున్నాయి, పిల్లలకు నూలు బట్టలే తెండి.

మే 8, శుక్రవారం సాయంత్రం 4:00 (గ్రూపులో)
మండపం జువ్వలపాలెం రోడ్డులో, లొకేషన్ కింద పెట్టాను. భోజనాలు 7:30 నుంచి. పనసపొట్టు కూర ఉంది, ఆలస్యంగా వచ్చి అయిపోయిందని నన్ను అడగొద్దు. పిల్లలు పడుకోవడానికి పై అంతస్తులో రెండు ఏసీ గదులున్నాయి. జీలకర్ర బెల్లానికి పది నిమిషాల ముందు అందరినీ నేనే లేపుతాను.

మే 10, ఆదివారం ఉదయం 10:00 (గ్రూపులో)
అంత ఎండలో, నిద్ర మానుకుని వచ్చి పిల్లల్ని దీవించారు. చాలా సంతోషం. రూముల్లో ఒక వెండి కుంకుమ భరిణె, రెండు చార్జర్లు, ఒక పళ్ళ సెట్టు దొరికాయి. పళ్ళ సెట్టు ఎవరిదో గ్రూపులో చెప్పక్కర్లేదు, నాకు ఫోన్ చేయండి.