స్ట్రెప్టోమైసిన్ ట్రయల్, 1948: పద్ధతులు, ఫలితాలు మాత్రమే

అక్కా, మీరు లైబ్రరీలో తీసి పంపిన 14 ఫోటోల్లోంచి మీరడిగిన రెండు భాగాలే తీశాను. ముందుమాట, చర్చ, కేసుల వివరణలు వదిలేశాను. నా సొంత మాట కలిపిన చోట "నా గమనిక" అని రాశాను, దాన్ని పేపర్‌ మాటగా శనివారం జర్నల్ క్లబ్‌లో చదవకండి. అంకెలు నేను రెండుసార్లు సరిచూశాను.

పేపర్: పల్మొనరీ టీబీకి స్ట్రెప్టోమైసిన్ చికిత్స. మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కమిటీ నివేదిక. బ్రిటిష్ మెడికల్ జర్నల్, 1948 అక్టోబర్ 30.

1. పద్ధతులు

1.1 ఎవరిని తీసుకున్నారు
- రెండు ఊపిరితిత్తులకీ పాకిన, ముదురుతున్న తీవ్ర టీబీ. ఈమధ్యే మొదలైనట్టు కనిపించాలి, బ్యాక్టీరియా పరీక్షలో రుజువవ్వాలి.
- కొలాప్స్ థెరపీకి పనికిరాని కేసులే.
- వయసు 15–25, తర్వాత 30 దాకా పెంచారు.
- చేర్చుకున్నది 109 మంది. మొదటి వారం పరిశీలనలోనే ఇద్దరు చనిపోయారు, విశ్లేషణలోకి వచ్చింది 107.

నా గమనిక: ఇంత ఇరుకుగా ఎంచుకోవడం వల్ల, పడక విశ్రాంతి తప్ప ఇవ్వడానికి వేరే ఏమీ లేని రోగులే మిగిలారు. కంట్రోల్ గ్రూపు పెట్టడం న్యాయమేనా అని ఎవరైనా అడిగితే జవాబు ఇక్కడ మొదలవుతుంది. అప్పట్లో బ్రిటన్‌లో మందు కొరత కూడా ఉంది.

1.2 గ్రూపులు ఎలా పంచారు (ఈ భాగం నిదానంగా చదవండి)
- ర్యాండమ్ నంబర్ల ఆధారంగా, ప్రతి ఆసుపత్రికీ ఆడవాళ్లకీ మగవాళ్లకీ విడివిడిగా వరుస తయారుచేసింది ప్రొఫెసర్ బ్రాడ్‌ఫర్డ్ హిల్.
- ఆ వరుస పరిశోధకులకీ, సమన్వయకర్తకీ తెలియదు. సీలు వేసిన కవర్లలో ఉంది. కవరు పైన ఆసుపత్రి పేరు, నంబరు మాత్రమే.
- రోగి అర్హుడని ప్యానెల్ ఒప్పుకున్నాకే ఆ నంబరు కవరు విప్పేవారు. లోపలి కార్డులో S అని గానీ C అని గానీ ఉండేది.
- తాము కంట్రోల్ గ్రూపులో ఉన్నామని C రోగులకి చెప్పలేదు.

నా గమనిక: ఒకరికి ఒకటి, తర్వాతి వాళ్లకి మరొకటి అని వంతులవారీగా పంచితే, రాబోయేది ఏ గ్రూపో చేర్చుకునే డాక్టరుకి ముందే తెలిసిపోతుంది. ఇక్కడ ఆ దారి మూసేశారు. ఈ పేపర్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది ఇదే.

1.3 చికిత్స
- S: 55 మంది. స్ట్రెప్టోమైసిన్ రోజుకి 2 గ్రాములు, 6 గంటలకో ఇంజెక్షన్ చొప్పున నాలుగు, కండరానికి. దాంతోపాటు పడక విశ్రాంతి. ఎక్కువ మందికి 4 నెలలు.
- C: 52 మంది. పడక విశ్రాంతి మాత్రమే.

1.4 కొలత
- ప్రధానంగా ఎక్స్‌రే మార్పు. ఇద్దరు రేడియాలజిస్టులు, ఒక క్లినిషియన్ ఫిల్ములు ఎవరికి వారు చదివారు. ఏ ఫిల్ము ఏ గ్రూపుదో వాళ్లకి తెలియదు. తర్వాత ముగ్గురూ కలిసి కూర్చుని తేల్చారు.

2. ఫలితాలు

2.1 చేరినప్పటి స్థితి
- సాధారణ ఆరోగ్యం బాగా లేనివాళ్లు: S లో 30, C లో 24.

నా గమనిక: కొంచెం తేడా ఉన్నా అది మందుకి వ్యతిరేకంగానే ఉంది.

2.2 ఆరు నెలల తర్వాత ఎక్స్‌రే

| స్థితి | S (55) | C (52) |
|---|---|---|
| చాలా మెరుగు | 28 (51%) | 4 (8%) |
| మధ్యస్థంగా లేదా కొద్దిగా మెరుగు | 10 (18%) | 13 (25%) |
| పెద్దగా మార్పు లేదు | 2 (4%) | 3 (6%) |
| మధ్యస్థంగా లేదా కొద్దిగా క్షీణత | 5 (9%) | 12 (23%) |
| చాలా క్షీణత | 6 (11%) | 6 (11%) |
| మరణం | 4 (7%) | 14 (27%) |

- మెరుగుదలలో ఇంత తేడా యాదృచ్ఛికంగా రావడానికి అవకాశం పది లక్షల్లో ఒకటి కన్నా తక్కువ. మరణాల తేడాకి నూటిలో ఒకటి కన్నా తక్కువ.

2.3 ఏడాది తర్వాత మరణాలు
- S లో 12 (22%), C లో 24 (46%).

నా గమనిక: ఆరు నెలలకి 4 ఉన్నది ఏడాదికి 12 అయింది. స్లైడ్‌లో ఆరు నెలల పట్టిక ఒక్కటే పెడితే సగం కథే చెప్పినట్టవుతుంది. రెండూ పక్కపక్కనే పెట్టండి.

2.4 మందుకి లొంగని బ్యాక్టీరియా
- S గ్రూపులో పరీక్షించిన 41 మందిలో 35 మందికి రెసిస్టెన్స్ వచ్చింది.

2.5 దుష్ప్రభావాలు
- ముఖ్యమైనది చెవి లోపలి సమతౌల్య వ్యవస్థ దెబ్బతిని తల తిరగడం.

2.6 జ్వరం, బరువు, ఇఎస్ఆర్
- తొమ్మిదో ఫోటోలో కుడి అంచు బైండింగ్ మడతలోకి పోయి నీడ పడింది. ఊహించి అంకెలు వేయలేదు. పుస్తకం బాగా విప్పి, కిటికీ వెలుతురులో ఆ ఒక్క పేజీ మళ్లీ తీసి పంపండి, రాత్రికే ఎక్కించేస్తాను.