నోటీస్ బైఅవుట్ గురించి: అక్టోబర్ 16 జాయినింగ్

నమస్తే మేడమ్,

నిన్న సాయంత్రం మీరు ఫోన్ చేసినప్పుడు శ్రీసిటీ నుంచి తిరుపతికి కంపెనీ బస్సులో వస్తున్నాను. చుట్టూ మా ప్లాంట్ వాళ్లే ఉండటంతో "ఆ, సరే మేడమ్" తప్ప ఇంకేమీ మాట్లాడలేకపోయాను. అసలు అడగాల్సింది అప్పుడు అడగలేదు, అందుకే ఈ మెయిల్.

ఒరగడం ప్లాంట్‌లో సీనియర్ క్వాలిటీ ఇంజినీర్ ఉద్యోగం నాకు నచ్చింది. జీతం విషయంలోనూ మళ్లీ బేరం లేదు. ఇబ్బందల్లా తేదీతోనే. మీకు అక్టోబర్ 16కల్లా మనిషి కావాలి, నాకేమో 90 రోజుల నోటీస్ ఉంది. సెప్టెంబర్ 1న రాజీనామా ఇస్తే నవంబర్ 29 దాకా ఇక్కడే ఉండాలి. మిగిలిన రోజులకు కట్టాల్సిన డబ్బును మీ కంపెనీ భరిస్తుందా? అంటే నోటీస్ బైఅవుట్ ఇస్తుందా?

లెక్క ఇదీ. అక్టోబర్ 15 దాకా పనిచేస్తే 45 రోజులు అవుతాయి, ఇంకో 45 మిగులుతాయి. నా ఖాతాలో 18 ఈఎల్‌లు ఉన్నాయి, మా పాలసీ ప్రకారం వాటిలో 15 నోటీస్‌లో సర్దుకోవచ్చు. అవి పోను 30 రోజులు. మా అపాయింట్‌మెంట్ లెటర్‌లో "నోటీస్‌కు బదులు జీతం" అని మాత్రమే ఉంది, బేసిక్ మీదా గ్రాస్ మీదా అన్నది లేదు. పోయినేడు మా లైన్ నుంచి వెళ్లిన ఒకాయనకు బేసిక్ అనుకుంటే చివర్లో గ్రాస్ మీద కోశారు. అందుకే నేను గ్రాస్ మీదే వేశాను: నెలకు 62,400 రూపాయలు. మీ దగ్గర అడుగుతున్నదీ అంతే. దీని మీద జీఎస్‌టీ పడుతుందేమో అని ఎవరైనా అడిగితే, 2022 ఆగస్టులో వచ్చిన సర్క్యులర్‌తో ఆ అనుమానం తీరిపోయింది, కాబట్టి అది కలపలేదు.

ఇంకొకటి. మీరిచ్చేది నా జీతంలో కలిసి టీడీఎస్ పోతుంది కదా. 62,400 నా చేతికి అందేలా ఇస్తారా, పన్ను నేనే భరించాలా? ఏదైనా ఫర్వాలేదు, ముందే తెలిస్తే చాలు.

డబ్బు ముందు నా జేబులోంచే పోతుంది. ఫుల్ అండ్ ఫైనల్‌లో కోస్తారు, చాలకపోతే నన్ను కట్టమంటారు, ఆ తర్వాతే రిలీవింగ్ లెటర్ ఇస్తారు. రసీదు, సెటిల్‌మెంట్ షీట్ మీకు పంపుతాను. మొదటి నెల జీతంతో పాటే తిరిగి ఇప్పించగలరా? ప్రొబేషన్ అయ్యేదాకా అంటే కష్టం మేడమ్, అదే నెలలో ఒరగడంలో ఇంటి అడ్వాన్స్ కూడా కట్టాలి. ఏడాదిలోపు మానేస్తే వెనక్కి ఇవ్వాలన్న షరతు పెడితే నాకు అభ్యంతరం లేదు.

ఇది ఆఫర్ లెటర్‌లోనే ఉండాలని నా మనవి. మిమ్మల్ని నమ్మక కాదు. నా స్నేహితుడొకడు వేరే చోట నోటి మాట మీద చేరితే, రిక్రూటర్ మారిపోయి "పాలసీలో లేదు" అన్నారు, సొంత డబ్బు పోగొట్టుకున్నాడు. మీ మేనేజర్‌కు పంపడానికి వీలుగా నాకు తోచిన వాక్యం రాస్తున్నాను, మీ పద్ధతికి తగ్గట్టు మార్చుకోండి:

"అభ్యర్థి పాత సంస్థకు చెల్లించిన నోటీస్ మొత్తాన్ని, 62,400 రూపాయలకు మించకుండా, రసీదు చూపిన మీదట మొదటి నెల జీతంతో కలిపి కంపెనీ చెల్లిస్తుంది. చేరిన 12 నెలల లోపు అభ్యర్థి తనంతట తాను రాజీనామా చేస్తే ఆ మొత్తం తిరిగి ఇవ్వాలి."

ఒక మాట దాచకుండా చెప్పాలి. డబ్బు కట్టినంత మాత్రాన వదలాలని మా దగ్గర రూలు లేదు, మేనేజ్‌మెంట్ ఒప్పుకోవాలి. దీపావళి ఆర్డర్ల రద్దీలో మా మేనేజర్ కాదన్నా అనవచ్చు. చెప్పకుండా మానేసి రావడం మాత్రం నా వల్ల కాదు. రిలీవింగ్ లెటర్ లేకుంటే మీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లోనే ఇరుక్కుంటాను. ఆయన ఒప్పుకోకపోతే జాయినింగ్ నవంబర్ 30కి జరుపుతారా, ఆఫర్ రద్దవుతుందా? ఈ జవాబు చూశాకే రాజీనామా ఇస్తాను.

బైఅవుట్ మొత్తం కుదరదంటే సగమైనా సరే, లేదా అదే మొత్తం జాయినింగ్ బోనస్‌గా ఇచ్చినా సరే.

ఆగస్టు 28 లోపు చెబితే సెప్టెంబర్ 1 తప్పిపోదు. ఫోన్ చేయాలంటే రాత్రి ఏడున్నర తర్వాత చేయండి, అప్పటికి బస్సు దిగి ఇంట్లో ఉంటాను.

ఇట్లు,
మునికృష్ణ
తిరుపతి