అనునాద స్తంభంతో గాలిలో ధ్వని వేగం: ఫలితాలపై చర్చ

నాలుగు ఫోర్కులతో మాకు వచ్చిన ధ్వని వేగం సగటున 344.3 ± 0.7 మీ/సె. ప్రయోగం జరిగిన మధ్యాహ్నం విశాఖపట్నంలోని మా ల్యాబ్‌లో గది ఉష్ణోగ్రత 31 °C. ఆ ఉష్ణోగ్రత వద్ద పొడి గాలికి లాప్లాస్ సూత్రం ఇచ్చే విలువ 349.6 మీ/సె. తేడా 5.3 మీ/సె, అంటే 1.5 శాతం. శాతంగా చూస్తే చిన్నదే గానీ, మా అనిశ్చితికి ఇది ఏడు రెట్లకు పైనే. కాబట్టి రీడింగ్ తీయడంలో వచ్చే చిల్లర హెచ్చుతగ్గుల కింద దీన్ని కొట్టిపారేయలేం.

ముందుగా ఒక మాట. ఈ తేడా వల్ల లాప్లాస్ సూత్రానికి వచ్చిన ముప్పేమీ లేదు. ధ్వని ప్రసారాన్ని సమోష్ణ ప్రక్రియగా తీసుకున్న న్యూటన్ సూత్రం ప్రకారం ఇదే ఉష్ణోగ్రతకు సుమారు 295 మీ/సె రావాలి. మా ఫలితం దానికి దరిదాపుల్లో కూడా లేదు. కింది పట్టికలో f ఫోర్కు పౌనఃపున్యం, l₁, l₂ మొదటి, రెండో అనునాదాల దగ్గర గొట్టంలోని గాలి స్తంభం పొడవులు.

| f (Hz) | l₁ (cm) | l₂ (cm) | v = 2f(l₂ − l₁) (m/s) |
|---|---|---|---|
| 512 | 15.8 | 49.4 | 344.1 |
| 480 | 16.9 | 52.8 | 344.6 |
| 426.6 | 19.2 | 59.5 | 343.8 |
| 384 | 21.4 | 66.3 | 344.8 |

నాలుగు విలువలూ ఒక్క మీటరు తేడాలోనే ఉన్నాయి, నాలుగూ ఒకే వైపు తగ్గాయి. ఏదో ఒక ఫోర్కు మీద ముద్రించిన పౌనఃపున్యం తప్పయితే ఆ ఒక్క వరుసే పక్కకు జరిగేది. ఎండ్ కరెక్షన్‌నూ తప్పుపట్టలేం. రెండు పొడవుల తేడా తీసుకోవడంతో అది లెక్కలోంచి తొలగిపోతుంది. పైగా (l₂ − 3l₁)/2 నుంచి సగటున 1.01 సెం.మీ. వచ్చింది. గొట్టం లోపలి వ్యాసం 3.4 సెం.మీ. కనుక 0.6r విలువ 1.02 సెం.మీ. రెండూ సరిపోయాయి. అంటే కారణం నాలుగు వరుసలకూ ఉమ్మడిగా ఉన్నదే అయి ఉండాలి.

సముద్రం పక్కనున్న ఊరు కాబట్టి మొదట తేమ మీదికే దృష్టి పోతుంది. మా బ్యాచ్‌లోనూ అందరూ ముందు అదే అన్నారు. తడి, పొడి బల్బుల హైగ్రోమీటరు ఆ రోజు 78 శాతం సాపేక్ష ఆర్ద్రత చూపింది. అయితే నీటి ఆవిరి పొడి గాలి కంటే తేలిక. అది కలిస్తే సాంద్రత తగ్గి ధ్వని వేగం పెరుగుతుంది. ఆ పెరుగుదల సుమారు 2 మీ/సె. దాన్ని కలిపితే సిద్ధాంత విలువ 351.6 మీ/సె అవుతుంది, తేడా 7.3కు పెరుగుతుంది. తేమ మా తేడాకు కారణం కాకపోగా దాన్ని ఇంకా పెంచుతోంది.

మాకు ఎక్కువ నమ్మదగినదిగా తోచింది ఉష్ణోగ్రత. థర్మామీటరు గది గాలిని కొలిచింది, ధ్వని ప్రయాణించింది గొట్టంలోని గాలిలో. ల్యాబ్‌లో ఎప్పటిలాగే గొట్టంలోకి పోసినవి కారిడార్ కూలర్ నీళ్లు. రీడింగులన్నీ అయ్యాక చూస్తే గొట్టంలోని నీరు 25.0 °C ఉంది. గొట్టంలోని గాలి కూడా 25 °C వద్ద ఉండి ఆవిరితో సంతృప్తమైందనుకుంటే వేగం 347.9 మీ/సె రావాలి. సన్నని గొట్టంలో గోడల దగ్గర స్నిగ్ధత, ఉష్ణవాహనం వల్ల వేగం ఇంకాస్త తగ్గుతుంది. మా గొట్టానికీ ఈ పౌనఃపున్యాలకూ అది దాదాపు 0.4 శాతం, అంటే 1.5 మీ/సె. ఈ రెండూ కలిపితే 346.4 మీ/సె.

ఇంకా సుమారు 2 మీ/సె మిగిలింది. దీన్ని కూడా చల్లదనం ఖాతాలోనే వేయాలంటే గాలి 21.5 °C దాకా దిగాలి. నీరు మొదట్లో 25 కంటే చల్లగానే ఉండి ఉంటుంది గానీ, గొట్టం మూతి దగ్గరి గాలి గది ఉష్ణోగ్రతకే దగ్గరగా ఉంటుంది కదా. నీరు క్రమంగా వేడెక్కి ఉంటే, 512తో మొదలుపెట్టి 384తో ముగించాం కాబట్టి, వేగం వరుసగా పెరగాలి. పట్టికలో అలాంటి పోకడ స్పష్టంగా లేదు. అయితే ఒక్కో విలువకు అనిశ్చితి 1.4 మీ/సె ఉండగా, మూడు డిగ్రీల మార్పు తెచ్చే 1.8 మీ/సె దాంట్లోనే కలిసిపోయే అవకాశం ఉంది.

రీడింగులన్నీ నీటి మట్టాన్ని దించుతూ తీశాం. గరిష్ఠ ధ్వనిని దాటేసి ఆపి ఉంటే, l₂ దగ్గర ఆ పొరపాటు ఎక్కువగా ఉండి వేగం పెరగాలే గానీ తగ్గకూడదు. ఇక మిగిలింది గొట్టానికి అతికించిన చెక్క స్కేలు. దానిలో 0.6 శాతం తేడా, అంటే 34 సెం.మీ.కు 2 మి.మీ., ఉంటే మిగిలిన లోటు సరిపోతుంది. స్టీలు స్కేలుతో పోల్చి చూడలేదు కాబట్టి దీన్ని కారణంగా చెప్పడం లేదు. గొట్టం మధ్యలో థర్మామీటరు వేలాడదీసి, నీటిని గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఉంచి, ఒక్క 512 ఫోర్కుతోనైనా మళ్లీ కొలిస్తే ఉష్ణోగ్రత వాటా ఎంతో, స్కేలు వాటా ఎంతో విడిగా తెలుస్తుంది. అప్పటిదాకా ఫలితాన్ని సవరించకుండా 344.3 ± 0.7 మీ/సె గానే నమోదు చేస్తున్నాం. అందులో సుమారు 2 మీ/సె తేడాకు మా దగ్గర వివరణ లేదు.