మైకు ఖాళీగా ఉంది, రండి!

ఓపెన్ మైక్ సాయంత్రం
కవులకు, గాయకులకు, కామెడీ చేసేవాళ్లకు, ఊరికే కూర్చుని వినేవాళ్లకు

ఈ నెల రెండో శనివారం
సాయంత్రం 7 నుంచి 9:15 వరకు
ఇక్కడే, ఈ కేఫ్ లోపలి గదిలో
ప్రవేశం ఉచితం. పాల్గొనడానికీ రుసుము లేదు.

ఫోన్లో నోట్స్ తెరిస్తే సరుకుల చిట్టా కింద మీరు రాసుకున్న కవిత ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని బయటికి తీయండి. మీ జోకులకు స్నేహితులు పడీ పడీ నవ్వుతున్నారా? సంతోషం. కాకపోతే స్నేహితుల నవ్వులో సగం మొహమాటం ఉంటుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు నవ్వితేనే అది జోకు. పెళ్లిళ్లలో "ఒక్క పాట పాడమ్మా" అనగానే గోడ చాటుకు వెళ్లిపోయే వాళ్లు కూడా రావచ్చు. ఇక్కడ ఎవరూ బలవంతపెట్టరు. మీకు పాడాలనిపించినప్పుడే పాడండి.

ఇది పోటీ కాదు. జడ్జీలు లేరు, మార్కులు లేవు, బహుమతులు లేవు, శాలువాలు అసలే లేవు. ముఖ్య అతిథి ప్రసంగం ఉండదని ప్రత్యేకంగా హామీ ఇస్తున్నాం.

ఒక్కొక్కరికి 5 నిమిషాలు

మొత్తం 16 మందికి అవకాశం. 12 పేర్లు ముందుగా తీసుకుంటాం. శుక్రవారం రాత్రి కేఫ్ మూసేలోపు కౌంటర్ దగ్గరున్న రిజిస్టర్‌లో మీ పేరు, ఏం చేస్తారో ఒక్క మాటలో రాసి వెళ్లండి. మిగతా 4 చోట్లు ఆ సాయంత్రమే ధైర్యం వచ్చినవాళ్లకు. 6 గంటలకు తలుపు తీస్తాం, 6:45కి రిజిస్టర్ మూసేస్తాం.

ఎవరి తర్వాత ఎవరన్నది చీటీలు తీసి నిర్ణయిస్తాం. "నాది మొదటే కానిచ్చేయండి, టెన్షన్‌తో చచ్చిపోతున్నా" అని వచ్చి చెప్తే మాత్రం సంతోషంగా ముందే పిలుస్తాం. ఎందుకంటే మొదట వెళ్లడానికి ఎవరూ ఇష్టపడరు.

నాలుగో నిమిషం పూర్తవగానే గది వెనక ఎర్ర లైటు వెలుగుతుంది. అంటే ఇంకో నిమిషం ఉందని అర్థం, కంగారుపడి దిగిపోకండి. ఐదు దాటితే చప్పట్లు మొదలుపెడతాం. అవి మెచ్చుకోలు చప్పట్లు కావని మీకే తెలుస్తుంది. ఇంట్లో ఒకసారి గడియారం పెట్టుకుని చదివి చూసుకోండి. అందులోనూ కామెడీ చేసేవాళ్లు నవ్వులకు కూడా టైమ్ వదలాలి. నవ్వు ఆగకముందే తర్వాతి మాట అందుకుంటే ఆ మాట ఎవరికీ వినపడదు.

కవులకు

వచన కవిత, పద్యం, గజల్, నానీలు, పేరు పెట్టడానికి కుదరనివి, ఏవైనా సరే. కాగితం చూసి చదవొచ్చు, ఫోన్ చూసి చదవొచ్చు. కంఠతా రావాలన్న నియమం లేదు. కాకపోతే కవితకు ముందు కవిత గురించి ఉపన్యాసం వద్దు. "ఇది నేను ఏ సందర్భంలో రాశానంటే..." అని మొదలుపెట్టి మూడు నిమిషాలు సందర్భంలోనే ఉండిపోయే కవులంటే మాకు గౌరవమే, కానీ ఆ మూడు నిమిషాలూ మీ 5 నిమిషాల్లోంచే పోతాయి. మీకు నచ్చిన వేరే కవి కవిత కూడా చదవొచ్చు. అప్పుడు ఆ కవి పేరు మాత్రం తప్పక చెప్పండి.

గాయకులకు

పాట ఎవరిదైనా పర్వాలేదు, ఏ భాషదైనా పర్వాలేదు. సినిమా పాట, లలిత గీతం, జానపదం, కీర్తన, మీరే కట్టిన పాట, అన్నీ ఒకే మైకు ముందుకు వస్తాయి. పల్లవి, రెండు చరణాలతో 5 నిమిషాలు దాదాపు అయిపోతాయి, కాబట్టి ఒక్క పాటే అనుకుని రండి.

ట్రాక్ పెట్టుకుని పాడతారా? దాన్ని ముందే ఫోన్లో డౌన్‌లోడ్ చేసుకుని, పాడేముందు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే చరణం మధ్యలో మీ బంధువుల ఫోన్ కాల్ స్పీకర్లలో మోగుతుంది. గిటార్, కీబోర్డ్ తెచ్చుకునేవాళ్లకు లైన్ ఒక్కటే ఉంది. శ్రుతి చూసుకోవడం బయట వరండాలోనే పూర్తిచేసుకోండి. డ్రమ్ కిట్ వద్దు, గది చిన్నది.

కామెడీ చేసేవాళ్లకు

పాట ఎవరిదైనా ఫరవాలేదన్నాం. జోకు మాత్రం మీదే కావాలి. వాట్సాప్‌లో వచ్చినది, ఇంకొకరి వీడియోలో చూసినది ఇక్కడ చెప్తే గదిలో సగం మందికి ముందే తెలిసిపోతుంది, మిగతా సగం ఆ సగం వైపు చూస్తుంది.

కొత్త జోకులు, ఇంకా పూర్తికానివి తెచ్చి పరీక్షించుకోండి. ఓపెన్ మైక్ ఉన్నదే అందుకు. పేలకపోతే ఏమీ కాదు, తర్వాతి జోకుకు వెళ్లిపోండి. "మీకు అర్థం కాలేదు" అని ప్రేక్షకులను మాత్రం అనకండి. ముందు వరుసలో కూర్చున్నవాళ్లను మాటల్లోకి లాగాలనుకుంటే వాళ్లు నవ్వుతున్నంతసేపే. ఇబ్బంది పడుతున్నారనిపిస్తే వదిలేయండి. కులం, మతం, రంగు, శరీరం, వైకల్యం పేరుతో ఎవరినైనా కించపరిస్తే మైకు ఆపేస్తాం. దీనిపై చర్చ ఉండదు. పెద్దవాళ్లకు మాత్రమే తగిన విషయాలుంటే రిజిస్టర్‌లో చెప్పండి, విరామం తర్వాత పిలుస్తాం. పిల్లలతో వచ్చేవాళ్లు విరామంలో వెళ్లిపోవడానికి వీలుంటుంది.

మైకు ఎప్పుడూ పట్టుకోలేదా?

నోటికి రెండు మూడు వేళ్ల దూరంలో ఉంచండి, గడ్డం కిందికి జారనివ్వకండి. పైన ఉన్న జాలీని గుప్పిటతో మూయకండి, స్పీకర్ వైపు తిప్పకండి. ఆ కీచుమనే శబ్దం వచ్చేది అందుకే. "హలో, హలో, వినపడుతోందా?" అని అడగక్కర్లేదు. వినపడకపోతే వెనకనుంచి మేమే చెప్తాం. 6:15 నుంచి 6:45 వరకు ఎవరైనా వచ్చి ఒకసారి పట్టుకుని చూసుకోవచ్చు. చెయ్యి వణుకుతుంటే స్టాండ్ ఉంది, కాగితం వణుకుతుంటే దానికీ స్టాండ్ ఉంది.

వినేవాళ్లకు

మీరు లేకపోతే ఇది ఓ గదిలో 16 మంది ఒకరికొకరు వినిపించుకోవడమే అవుతుంది. 40 కుర్చీలున్నాయి, ముందు వచ్చినవాళ్లు ముందు కూర్చుంటారు. మీ స్నేహితుడి వంతు అయిపోగానే బృందంగా లేచి వెళ్లిపోకండి, కనీసం 8 గంటలకు ఇచ్చే 15 నిమిషాల విరామం వరకు ఉండండి. ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. పాల్గొనేవాళ్లు ఒప్పుకుంటేనే వీడియో తీయండి. మొదటిసారి నిలబడ్డ మనిషి తడబాటు ఇంకొకరి స్టేటస్‌లో తిరగకూడదు. ఆర్డర్లు విరామానికి ముందు, విరామంలో తీసుకుంటాం. ఎవరైనా కవిత చదువుతున్నప్పుడు కాఫీ మిషన్ ఆపేస్తామని మా కౌంటర్‌లోవాళ్లు ఒప్పుకున్నారు, కాస్త గొణిగే ఒప్పుకున్నారు.

లోపలి గదికి మెట్లు లేవు, వీల్‌చెయిర్ నేరుగా వస్తుంది. మైకు స్టాండ్ కూర్చున్న ఎత్తుకు కూడా దిగుతుంది. వేరే ఏదైనా సాయం కావాలంటే పేరు పక్కన రాయండి.

ముందుగా ఇచ్చే పేర్లకు చివరి గడువు శుక్రవారం రాత్రి. రిజిస్టర్ కౌంటర్ మీదే ఉంది, పెన్ను దారంతో కట్టి ఉంది.