పెద్దవాళ్ళ కోసం నెమ్మదిగా: వాట్సాప్‌లో వీడియో కాల్ మనమే చేసుకుందాం

నమస్కారమండి. గుంటూరు బ్రాడీపేట నుంచి మాట్లాడుతున్నాను. నా పక్కన కూర్చున్నది మా పెద్దమ్మ. వాళ్ళమ్మాయి సునీతక్క డల్లాస్‌లో ఉంటుంది. అక్క కాల్ చేస్తే పెద్దమ్మ ఎత్తుతుంది. తనంతట తాను చేయాలంటే మాత్రం పక్కింటి కుర్రాడు కాలేజీ నుంచి వచ్చేదాకా ఆగాలి. ఇవాళ్టి నుంచి ఆ కుర్రాడితో పని లేదు.

ఈ వీడియోని టీవీలోనో, ఇంట్లో ఇంకొకరి ఫోన్లోనో పెట్టుకోండి. అప్పుడు మీ ఫోన్ మీ చేతిలో ఖాళీగా ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకోండి. నేను ప్రతిదీ రెండుసార్లు చెబుతాను. అప్పటికీ అందకపోతే వీడియో ఆపి, ఆ పని చేసుకుని, మళ్ళీ పెట్టుకోండి. మన పిల్లలు "ఇంతేనమ్మా" అని టకటకా నాలుగు నొక్కేసి ఫోన్ చేతికిచ్చేస్తారు చూడండి, ఇక్కడ ఆ పద్ధతి లేదు.

ఇంకో సంగతి. తప్పు బొమ్మ నొక్కితే ఫోన్ పాడైపోదు. వాట్సాప్ కాల్‌కి ఐఎస్‌డీ చార్జీ కూడా పడదు. ఇంట్లో వైఫై ఉంటే దాని మీద నడుస్తుంది, లేకపోతే మీ రీచార్జిలో వచ్చే డేటా వాడుకుంటుంది.

మొదలుపెడదామా పెద్దమ్మా?

[ఫోన్ తెర దగ్గరగా చూపించాలి]

ముందు వాట్సాప్ తెరవాలి. ఆకుపచ్చ రంగు బొమ్మ, మధ్యలో తెల్లటి ఫోన్ రిసీవర్, దాని చుట్టూ తెల్లటి గుండ్రం గీత. కొన్ని ఫోన్లలో మామూలు కాల్స్ బొమ్మ కూడా ఆకుపచ్చగానే ఉంటుంది. దానికి చుట్టూ ఆ గీత ఉండదు. గుర్తుపట్టారా? ఇప్పుడు దాన్ని నొక్కండి.

పెద్దమ్మా, అంత గట్టిగా వద్దు. బొట్టు పెట్టేటప్పుడు వేలు ఎలా ఆనిస్తావో అలా ఆనించి తీసేయ్. వేలు అలాగే అదిమి ఉంచితే ఫోన్ ఇంకేదో అడుగుతుంది. అలా అయితే కంగారు పడకండి, వెనక్కి వచ్చి మళ్ళీ మెల్లగా ఆనించండి. వేలు బాగా పొడిగా ఉన్నా ఒక్కోసారి పట్టదు. తడిగుడ్డకి వేలు అద్ది, తుడుచుకుని చూడండి.

మళ్ళీ చెబుతున్నాను. ఆకుపచ్చ బొమ్మ, మధ్యలో తెల్లటి రిసీవర్. వేలు ఆనించి తీసేయాలి. వాట్సాప్ తెరుచుకుంది.

ఇప్పుడు వరసగా పేర్లు కనిపిస్తున్నాయి. మీరు ఎవరితో మాట్లాడాలో వాళ్ళ పేరు వెతకండి. కనబడకపోతే వేలితో తెరని మెల్లగా పైకి జరపండి, కింద ఉన్న పేర్లు వస్తాయి. సునీతక్క పేరు దొరికింది. పేరు మీద నొక్కు పెద్దమ్మా. పక్కనున్న ఫొటో మీద కాదు, పేరు మీద. ఫొటో మీద నొక్కితే ఫొటో పెద్దదవుతుంది, అంతే.

మళ్ళీ ఒకసారి. పేరు వెతకాలి. పేరు మీద నొక్కాలి. ఇప్పుడు తెర పైభాగంలో సునీతక్క పేరు ఒక్కటే ఉంది. ఉందా లేదా చూసుకోండి. వేరే పేరు ఉంటే వెనక్కి రండి.

ఇక అసలు సంగతి. అదే పైభాగంలో, పేరుకి కుడిపక్కన చిన్న బొమ్మలు ఉంటాయి. వాటిలో వీడియో కెమెరా బొమ్మ మనకి కావలసింది. ఫోన్ రిసీవర్ బొమ్మ నొక్కితే మాట మాత్రమే వెళుతుంది, మనిషి కనబడరు. కొన్ని ఫోన్లలో అక్కడ ఒకే బొమ్మ ఉంటుంది. అది నొక్కితే Voice కావాలా, Video కావాలా అని అడుగుతుంది. Video నొక్కండి.

ఇంకోసారి. పేరుకి కుడిపక్కన, పైన, కెమెరా బొమ్మ. దాన్ని నొక్కాలి. "కాల్ చేయమంటారా" అని అడిగితే సరేనని నొక్కండి.

మొదటిసారి చేసేటప్పుడు ఇంకో ప్రశ్న రావచ్చు. కెమెరా వాడుకోనా, మైకు వాడుకోనా అని ఫోన్ అనుమతి అడుగుతుంది. While using the app అని గానీ, Allow అని గానీ ఉంటుంది. అది నొక్కండి. Don't allow నొక్కితే మీ ముఖం వాళ్ళకి కనబడదు, మాట వినబడదు. ఇది సాధారణంగా ఒక్కసారే అడుగుతుంది.

ఇప్పుడు తెర మీద ఏం రాసి ఉందో చూడండి. ఈ రెండు మాటలూ తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. Calling అని ఉంటే మన వైపు నుంచి వెళ్ళింది గానీ అక్కడ ఇంకా మోగడం లేదు. వాళ్ళ ఫోన్‌కి నెట్ లేకపోవచ్చు. Ringing అని ఉంటే అక్కడ మోగుతోంది. మళ్ళీ చెబుతున్నాను: Calling అంటే ఇంకా మోగలేదు, Ringing అంటే మోగుతోంది. Ringing అని ఉండి కూడా ఎత్తకపోతే పనిలో ఉన్నారన్నమాట. అక్కడి టైమూ చూసుకోవాలి. మనకి సాయంత్రం ఏడున్నర అయితే డల్లాస్‌లో వాళ్ళ ఎండాకాలంలో ఉదయం తొమ్మిది, చలికాలంలో ఎనిమిది. మన మధ్యాహ్నం భోజనాల వేళ చేశారంటే వాళ్ళని అర్ధరాత్రి నిద్రలేపినట్టే.

అదిగో, అక్క ఎత్తింది!

పెద్దమ్మా, చెవి దగ్గర పెట్టుకోకు. అక్కకి నీ చెవి దుద్దు తప్ప ఏం కనబడటం లేదట. ఫోన్‌ని నిలువుగా, ముఖానికి ఎదురుగా, ఒక మూరెడు దూరంలో పట్టుకోండి. తెర మూలన చిన్న గడిలో కనిపించేది మీరే. అందులో మీ ముఖం ఉంటే వాళ్ళకీ ముఖమే కనిపిస్తుంది, ఫ్యాను ఉంటే ఫ్యానే కనిపిస్తుంది. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నల్లగా పడుతుంది, కిటికీ వైపు తిరగండి. చెయ్యి నొప్పి పుడితే ఫోన్‌ని స్టీలు డబ్బాకి ఆనించి పెట్టుకోండి.

Reconnecting అని వస్తే నెట్ తగ్గిందని అర్థం. కాసేపు ఆగండి, లేదా వైఫై పెట్టె ఉన్న గదిలోకి వెళ్ళండి. మీ మాట వాళ్ళకి వినబడటం లేదంటే మైకు బొమ్మ మీద అడ్డగీత పడిందేమో చూసి, ఒకసారి నొక్కండి.

మాటలయ్యాక ఎర్ర బొమ్మ నొక్కాలి. బొమ్మలు మాయమైపోతే తెర మధ్యలో ఒకసారి వేలు ఆనించండి, తిరిగి వస్తాయి. మళ్ళీ చెబుతున్నాను, ఎర్ర బొమ్మ. అది నొక్కకుండా ఫోన్ పక్కన పెట్టేస్తే, అల్లుడి గురించి మీరు పెదనాన్నతో అనే మాటలన్నీ అల్లుడే వింటాడు.

వాళ్ళే మీకు చేస్తే? ఫోన్ వాడుతూ ఉంటే Accept లేదా Answer అని కనిపిస్తుంది, నొక్కండి. ఫోన్ లాక్ అయి ఉంటే చాలా ఫోన్లలో ఆకుపచ్చ బొమ్మని పైకి తోయాలి. నొక్కడం కాదు, వేలు ఆనించి పైకి తోయాలి.

తెలియని నంబరు నుంచి వీడియో కాల్ వస్తే ఎత్తకండి. పోలీసు యూనిఫాం వేసుకుని, మీ పేరు మీద కేసు ఉంది, డిజిటల్ అరెస్ట్ చేశాం, కెమెరా ముందు నుంచి కదలొద్దు అని బెదిరించేవాళ్ళు దొంగలు. వీడియో కాల్‌లో అరెస్టు చేసే చట్టం మన దేశంలో లేదు. ఓటీపీ చెప్పొద్దు, తెర చూపించమంటే చూపించొద్దు, ఎర్ర బొమ్మ నొక్కేయండి. డబ్బు పోయిందనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆ నంబరు క్యాలెండర్ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా.

ఇప్పుడు మొదటి కాల్ డల్లాస్‌కి వద్దు. పక్క గదిలో ఉన్నవాళ్ళకో, విజయవాడలో ఉన్న మీ చెల్లెలికో చేసి చూడండి. ఆకుపచ్చ బొమ్మ, పేరు, కెమెరా బొమ్మ. పెద్దమ్మ ఈసారి తానే చేస్తానంటోంది, నేను ఫోన్ ముట్టుకోను. కానీ పెద్దమ్మా, కళ్ళజోడు.